పాత ధరకే బాదం

వరంగల్ బజారులో సారంగపాణిది ఎండుపండ్ల దుకాణం. దాని వెనక రెండు గదుల్లో ఆయన కాపురం. కాపురమంటే ఏముంది, భార్య అనసూయ పోయాక ఒక కుక్కరు, ఒక టీవీ. పిల్లల్లేరు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా ఆయన నోట పలికేవన్నీ రేట్లే. రోజంతా జనంలోనే ఉంటాడు గానీ, మనిషితో మనసు విప్పి మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు.

ఒక్క శోభారాణి దగ్గరే ఆ లెక్క తప్పేది. రిటైరైన టీచరు. ప్రతి శనివారం ఊళ్లోనే ఉన్న కాశిబుగ్గ నుంచి మనవరాలికి బాదం కొనడానికి వచ్చేది. కొన్నాక స్టూలు మీద కూర్చుని మోకాళ్ల నొప్పుల నుంచి మనవరాలి అల్లరి దాకా అన్నీ చెప్పేది. ఆ కాసేపటి కోసం సారంగపాణి శనివారం ఇస్త్రీ చొక్కా వేసేవాడు. ఇందులో వేరే అర్థాలు వెతకనక్కర్లేదు. ఇంత మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాడు, అంతే.

ఆ ఏడు దసరా దాటాక రూపాయి జారడం మొదలుపెట్టింది. బాదం అమెరికా నుంచి డాలర్లకు వచ్చే సరుకు. సారంగపాణి వెంటనే హైదరాబాదులోని హోల్‌సేల్ వ్యాపారి భాస్కర్‌కు ఫోన్ చేశాడు.

"ఫికర్ చెయ్యకు సేటూ. తెప్పిచ్చేటోళ్లు ముందుగాలనే పాత రేటుకు డాలర్లు బుక్ చేసుకున్నరు. గోదాంల సరుకు గూడ ఉన్నది. అది ఒడిసినంక చూద్దాం," అన్నాడు భాస్కర్.

ఆ శనివారం శోభారాణి కూడా అదే మాట ఎత్తింది. "టీవీల రూపాయి పడ్డది పడ్డదంటాండ్లు. ఇక్కడేమో ఏం మారినట్టు లేదు. టమాటలైతే ఇంకా అగ్గువైనయి."

"టమాట మన రఘునాథపల్లిల కాస్తది టీచరమ్మా, దానికి డాలరుతోని ఏం పని? లారీలల్ల పోసే డీజిల్ రేటు గూడ కదల్లే. బయటి దేశాల నుంచి వచ్చే సరుకుకే దెబ్బ. అది గూడ జర నిమ్మళంగ తగుల్తది."

నిమ్మళంగానే తగిలింది. చలి ముదిరే వేళకు భాస్కర్ కిలోకు నలభై రూపాయలు పెంచాడు. అయినా బజారు వెంటనే కదల్లేదు. ముందు పెంచినవాడి గిరాకీ పక్కవాడికి పోతుందని ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చున్నారు. చివరికి పక్క దుకాణం సుదర్శన్ పాత బస్తాలు ఖాళీ చేసుకుని రేటు మార్చాడు. ఆ వారంలోనే వరసంతా మారింది.

సారంగపాణి మాత్రం మార్చలేదు. ఆయన పాత బస్తా కూడా అయిపోయింది, కొత్త రేటుకు కొన్న కొత్త బస్తానే విప్పాడు. అయినా నలభై పెంచితే శోభారాణి బాదం కొనడమే మానేస్తుందేమోనని భయం. ఆమె రాకపోతే శనివారానికీ మంగళవారానికీ తేడా ఏముంది? లాభం పోతే పోయిందనుకుని, పలక మీద సుద్దతో 'బాదం పాత ధరకే' అని రాసి గుమ్మానికి వేలాడదీశాడు. పైగా మంచి పని చేశానని మురిసిపోయాడు కూడా, పిచ్చి మారాజు.

తర్వాతి శనివారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మోకాళ్లు పట్టేశాయేమో, దవాఖానాలో ఉందేమోనని ఆయనకు అన్నం సయించలేదు. ఫోన్ నంబరైనా అడిగి పెట్టుకోలేదు. ఏమని అడుగుతాడు?

మూడో శనివారం ఆమె కనిపించింది. సుదర్శన్ కొట్లోంచి బాదం పొట్లంతో మెట్లు దిగుతోంది. చూపులు కలిశాయి. ఆమె ఇబ్బంది పడుతూనే దగ్గరికి వచ్చింది.

"ఏమనుకోకు అన్నా. అందరు పెంచిండ్రు, నువ్వేమో పాత ధర అని రాసినవు, తొవ్వల పోతుంటె చూసిన. పాత సరుకు మిగిలిపోయిందేమో అనుకున్న. ముక్కవాసన పట్టిన బాదం చిన్నపిల్లకు పెట్టలేం గదా."

బజారులో పాత ధరంటే జనం పాత సరుకనే అనుకుంటారని నలభై ఏళ్ల వ్యాపారంలో ఆయనకు తెలియనిది కాదు. ఆ బోర్డు రాసినప్పుడే ఎందుకో తట్టలేదు. బస్తాలోంచి రెండు గింజలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి కొరికింది.

"కొత్తదే గదా! మరి రేటు ఎందుకు పెంచలే?"

అబద్ధం చెప్పాలనుకున్నాడు. నోటికి రాలేదు.

"పెంచితే మీరు రారేమోనని," అన్నాడు.

ఆమె నవ్వేసింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. "నలభై రూపాయలకు ఎవరు మానుకుంటరు అన్నా? పెంచు, నీకు గూడ గిట్టాలె గదా. నేను వచ్చేది బాదం కోసమేనాయె, మంచిగుంటె చాలు."

"అంతే, అంతే," అని ఆయన కూడా నవ్వాడు. మనవరాలు బడి నుంచి వచ్చే వేళైందని స్టూలు మీద కూర్చోకుండానే ఆమె వెళ్లిపోయింది. సారంగపాణి పలక తుడిచి కొత్త ధర రాశాడు. ఆ సాయంత్రం గిరాకీ బాగానే వచ్చింది. రేటు ఎందుకు పెరిగిందని ఆయన్ను ఒక్కరూ అడగలేదు.