డాబా మీద విందుకు మూడు కొటేషన్లు

భద్రాచలంలో నేను ఈవెంట్లు చేస్తాను. ఈవెంట్లు అంటే ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మావాడు బెలూన్లు ఊదుతాడని చుట్టాలకు చెబుతుంది. ఎమ్మెస్సీ చదివినవాడు ఊదితే బెలూన్ ఎక్కువసేపు నిలుస్తుందని వాళ్లు అనుకుంటే నాకేం అభ్యంతరం లేదు. నిజానికి మార్చి నెలలో ఎవరు ఊదినా ఒకటే. స్లాబు చల్లారకముందు డాబా మీద కట్టినవి పొద్దుగూకేలోపు పేలిపోతాయి.

ఒక సంవత్సరం మార్చి నెలలోనే పాల్వంచలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే ఆయన నా షాపుకు వచ్చారు. పెళ్లయి పాతికేళ్లవుతోందట. భార్య ఇక్కడే ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెకు తెలియకుండా ఏదైనా లాడ్జి డాబా మీద ఇద్దరికీ భోజనం ఏర్పాటు చేయాలన్నారు.

"పెండ్లిరోజు మార్చి ఆఖరి వారంల పడింది తమ్ముడూ. మా పెద్దోళ్లకు లగ్గం తెలుసు గానీ ఫైనాన్షియల్ ఇయర్ తెల్వదు," అన్నారు.

మార్చి ఆఖరి వారమంటే ఆఫీసుల్లో బిల్లులు పంపే వారం. పంపకపోతే వచ్చిన నిధులు వెనక్కి పోతాయి. పాతికేళ్లలో ఆ రోజు ఆయన పొద్దుపోకముందు ఇల్లు చేరింది లేదట. సినిమాకన్నారు, వెళ్లలేదు. పాపికొండలన్నారు, లాంచీ టికెట్లు కూడా కొన్నారు, వెళ్లలేదు. మొదట్లో ఆమె అలిగేది. తర్వాత అడగడం మానేసింది.

"అలిగినప్పుడే నయముండె," అన్నారు. "ఇప్పుడు అన్నం పెట్టి పండుకుంటది."

అయితే చెప్పకుండా చేయడం దేనికని అడిగాను.

"చెప్తే మల్ల తప్పుతనేమో. చెప్పకపోతే మాట తప్పినట్టు గాదు గద."

సర్‌ప్రైజ్‌కు ఇంత జాగ్రత్త గల కారణం నేను అంతకుముందు వినలేదు.

కొటేషన్ రాసి ఇచ్చాను. అలంకరణ: తెల్ల నెట్ క్లాత్‌తో నాలుగు కాళ్ల పందిరి, సీరియల్ బల్బులు, గాలికి ఆరకుండా గాజు గ్లాసుల్లో కొవ్వొత్తులు, గులాబీ రేకులు, బెలూన్లు సూర్యాస్తమయం తర్వాత. మెనూ: టమాటా సూప్, పనీర్ టిక్కా, పుల్కా, గుత్తి వంకాయ, వెజ్ బిర్యానీ, పెరుగన్నం, డబుల్ కా మీఠా, గుడ్డు లేని కేకు. లాడ్జి గుడికి దగ్గర, అందుకని మాంసం లేదు. సంగీతం: సత్తుపల్లి నుంచి కీబోర్డు వాయించే అతను, గంటసేపు, పాత పాటలు. సమయం: ఎనిమిదింపావు నుంచి తొమ్మిదిన్నర. పది గంటలకు డాబా ఖాళీ చేయాలి. శ్రీరామనవమికి ఇంకా పదిహేను రోజులుంది కాబట్టి ఆ మాత్రం డాబా దొరికింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివారు. "మంచిగుంది. ఇంకో రెండు కొటేషన్లు గూడ నువ్వే తెచ్చియ్యి."

"సొంత డబ్బులే కదా సర్, మూడెందుకు?"

"ఇంట్ల ఆడిట్ ఉంటది. ఫ్రిజ్ కొన్నప్పుడు మోసపోయిన. అప్పటిసంది ఏది కొన్నా, మూడు చోట్ల అడిగినవా అంటది. ఎన్నడన్న ఒకనాడు ఈ ఫైలు గూడ అడుగుతది."

ఆఫీసులకు పనిచేసే ఎవరికైనా ఈ పద్ధతి తెలిసిందే. పని ఎవరికి ఇవ్వాలో ముందే అనుకుంటారు. మిగతా రెండు కాగితాలు అతడే, తెలిసినవాళ్ల లెటర్‌హెడ్ల మీద, కాస్త ఎక్కువ రేటుతో తెచ్చి పెడతాడు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మాట్లాడరు. నేనూ అలాగే బూర్గంపాడులో టెంట్ హౌస్ నడిపే నా మిత్రుడి లెటర్‌హెడ్ ఒకటి, కొత్తగూడెం క్యాటరింగ్ ఆయనది ఒకటి తెచ్చుకున్నాను. అంతకుముందు రెండు రోజులూ పెళ్లి పనితో నిద్ర లేదు. కళ్లు మూతలు పడుతుండగా రాసి, ముద్రలు వేయించి, ఆయన చేతిలో పెట్టాను.

మర్నాడు టెంట్ హౌస్ మిత్రుడు ఫోన్ చేశాడు.

"బావా, నా కొటేషన్ అప్రూవ్ అయిందట. ఎవరో సార్ ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పిండు. దేనికి బావా?"

జరిగింది తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నిద్రమత్తులో మిత్రుడి కాగితం మీద రేట్లన్నీ పెంచి, సంగీతం వరస రాయడం మరిచాను. మొత్తం నా కొటేషన్ కంటే తక్కువ వచ్చింది. పాల్వంచకు పరిగెత్తాను. ఆయన అప్పటికే మూడు రేట్లూ పక్కపక్కన వేసి కంపారిటివ్ స్టేట్‌మెంట్ గీసి, తక్కువవాడి పేరు కింద ఎల్-వన్, అంటే అందరికంటే తక్కువ రేటు, అని రాసి, సంతకం పెట్టి, అడ్వాన్సు కూడా పంపేశారు.

"సర్, అదీ నేను రాసిందే."

"ఎరుకే తమ్ముడూ. గని తక్కువున్నోన్ని ఇడిచి ఎక్కువున్నోనికి ఇస్తే నోట్ ఏమని రాయాలె?"

"అందులో సంగీతం లేదు."

ఆయన కాగితం మీద పైనుంచి కిందిదాకా వేలు పెట్టి వెతికారు. "గోదారి గాలి ఉంటది గద," అన్నారు చివరికి.

అలా నా పనికి నేనే సబ్ కాంట్రాక్టరునయ్యాను. సత్తుపల్లి కీబోర్డు అతనికి రావద్దని చెప్పాను. కుర్చీలు మాత్రం మిత్రుడే తెస్తానన్నాడు, తన పేరు మీద పని కాబట్టి తన వస్తువొకటి ఉండాలని. తెచ్చాడు. ఇద్దరు మనుషులంటే టెంట్ హౌస్ లెక్కలో పెండ్లికొడుకూ పెండ్లికూతురూ. ఎర్ర వెల్వెట్టు, బంగారు సింహాల తలలు ఉన్న మహారాజా కుర్చీలు రెండు. ఒక్కోదానికి నలుగురు, మూడు అంతస్తులు, మెట్ల మలుపు దగ్గర ఇరవై నిమిషాలు.

"గివి దేనికిరా?" అన్నాను.

"ప్లాస్టిక్ కుర్చీలేస్తే సంతాపసభ లెక్క ఉంటది బావా."

నేను వెళ్లి రెండూ ఎదురెదురుగా వేయించాను.

ఏడింటికి స్లాబు మీద నీళ్లు చల్లి బెలూన్లు కట్టాం. ఎనిమిదికి కొవ్వొత్తులు వెలిగించాం. ఆయన ఎనిమిదికల్లా డాబా మీద ఉండాలి. ఆయన భార్య డ్యూటీ ఎనిమిదికి అయిపోతుంది. తోటి సిస్టర్ ఒకామె ఏదో వంకతో ఎనిమిదింపావుకల్లా ఆమెను తీసుకువచ్చి, మెట్ల దగ్గర వదిలి వెళ్లిపోవాలి. ఆయన ఫోను మాత్రం ఎనిమిది దాటినా ఎత్తడం లేదు.

సరిగ్గా ఎనిమిదింపావుకు ఆమె ఒక్కతే ఆయాసపడుతూ పైకి వచ్చింది. యాభైకి దగ్గరగా ఉన్న మనిషి. భుజానికి సంచీ, చేతిలో బీపీ మిషన్.

"పేషెంటేది?" అంది.

వంక అదన్నమాట. లాడ్జిలో దిగిన ముసలామెకు బీపీ చూడాలని చెప్పి తెచ్చారు. డాబా మీద సింహాల కుర్చీలు, కొవ్వొత్తులు, నేను, చేతిలో అగ్గిపెట్టె. సామాను సరిచూసుకొమ్మని ఆయన నాకిచ్చిన ఫైలు టేబుల్ మీద ఉంటే, అది ఆమె చేతికిచ్చాను.

ఆమె ఒక కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, కొవ్వొత్తి దగ్గరికి జరుపుకుని చదివింది. అలంకరణ. మెనూ. సమయం. రెండో కాగితం. మూడో కాగితం. స్టేట్‌మెంట్ కింద భర్త సంతకం దగ్గర వేలు ఆగింది.

"మూడూ నువ్వే రాసినవ్ గద తమ్మీ."

"అవ్ సిస్టర్."

"మా దవాఖానాల గూడ గంతే. దుప్పట్లకు." ఒక పేజీ వెనక్కి తిప్పింది. "పాటలు నీదాంట్ల ఉన్నయి, గీ పాసైనదాంట్ల లేవు."

"అది ఎల్-వన్ సిస్టర్."

ఆమె నవ్వలేదు కానీ ముఖం కాస్త వదులైంది. "మనిషేడి?"

అప్పుడే నా ఫోన్ మోగింది. చేతులకు మైనం అంటుకుని ఉంది, టేబుల్ మీదే స్పీకర్ నొక్కాను. అది నా తప్పే.

"తమ్ముడూ, సర్వర్ పండుకుంది. ఇంకా పదకొండు బిల్లులున్నయి. నాతోటి కాదు. ఆమె వచ్చిందా?"

ఆమె రాలేదని చెప్పమన్నట్టు వేలు అడ్డంగా ఊపింది.

"రాలేదు సర్," అన్నాను.

"మంచిదే. ఆ సిస్టర్‌కు నువ్వే ఫోన్ చేసి తోలుకరావొద్దని చెప్పు. నువ్వు అన్నీ ఇప్పెయ్యి. ఆమెకు మాత్రం తెల్వొద్దు. తెల్వకపోతే ఏం లేదు." కాసేపు ఫైళ్ల చప్పుడు. "ఏం లేదు," అన్నారు మళ్లీ.

ఆమె టేబుల్ మీది ఫోను వంక చూస్తోంది. లాంచీ టికెట్ల సంవత్సరం గుర్తొచ్చిందో, ఇంకేదో. అవతల ఆయన ఫోన్ పెట్టేయబోతుంటే, ఆమె నా కొటేషన్ ప్యాడు లాక్కుని రెండు ముక్కలు రాసి నా ముందు పెట్టింది. నేను ఫోనులోకి చదివాను.

"సర్, వస్తువులు వాపస్ ఇచ్చినట్టు మీ సంతకం కావాలంట. టెంట్ హౌస్ ఆయన ఒప్పుకుంటలేడు. ఎంత లేటైనా మీరు రావాలె."

"సంతకమా? ఆగుమను. వస్త."

విందుకు రాలేనివాడు సంతకమంటే వస్తానన్నాడు. పాతికేళ్లు కాపురం చేసిన మనిషికి తెలియని విద్య కాదు.

ఆమె ఆకలి దాచుకోలేదు. ఒక పుల్కా, కాస్త వంకాయ కూర తిని, సూప్ తాగింది. ఉప్పు తక్కువైందని చెప్పింది. ఎదుటి కుర్చీలోంచి దిండు తీసుకుని వెనక్కి వాలింది. మధ్యాహ్నం రెండింటి నుంచి నిలబడ్డ కాళ్లు. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నేను కింద మేనేజరు దగ్గరికి వెళ్లి డాబా ఇంకో గంట ఉంచమని బతిమాలి ఒప్పించాను. అన్నీ వేడి చేయొచ్చు, కేకు తప్ప, అని వంటాయన అన్నాడు.

ఆయన పది దాటాక వచ్చారు. బైకు మీద వచ్చిన దుమ్ము, జేబులో రెండు పెన్నులు. మెట్లెక్కుతూనే, "ఏడి తమ్ముడూ కాగితం?" అన్నారు. తర్వాత ఆమెను చూశారు.

నిద్ర లేపాలా వద్దా అన్నది ఏ ఫైల్లోనూ లేని విషయం. ఆయన నా వైపు చూశారు. నేను బెలూన్ల వైపు చూశాను. చివరికి ఆయన ఎదుటి కుర్చీ జరపబోయారు. నలుగురు మోసిన కుర్చీ అది, గట్టిగా గీరుకుంది. ఆమె కళ్లు తెరిచింది.

"నువ్వేంది ఈడ?" అన్నారు ఆయన.

"డ్యూటీ అయిపోయింది. కూసున్న."

"తెల్సిందా?"

"చదివిన."

ఆయన తల దించుకున్నారు.

"ఫోన్‌ల కూడ విన్న," అంది. "రద్దు చేసినవ్."

"అవ్."

"అయితే ఈ యేడు నాకు తెలిసే మాట తప్పినవ్." గిన్నె మూత తీసి చూసింది. "దా, కూసో. తిను. పెరుగన్నం ఉంది. పాటలు నువ్వే పాడాలె, ఎల్-వన్‌ల లేవు."

ఆయన కూర్చున్నారు. పాడలేదు. అన్నం కలుపుకుంటూ ఎడంచేత్తో కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. ఆమె దాన్ని తీసి, చీర చెంగుతో తుడిచి, దుమ్మెంతుందో వెలుతురులో ఒకసారి చూసి, తన పక్కనే ఉంచుకుంది.

నేను కిందికి దిగాను. మెట్ల మలుపులో మిత్రుడూ అతని మనుషులూ గోడకు జారగిలబడి ఉన్నారు.

"కుర్చీలు ఎప్పుడు దించుడు బావా?"

"పొద్దున."

అంతదూరం మళ్లీ వెంటనే మోయనక్కర్లేదని తెలిసి, వాళ్లలో ఒకతను అక్కడే మెట్టు మీద తువ్వాలు పరుచుకున్నాడు.