ప్రొద్దుటూరులో నేర్చుకున్న శీర్షికల పాఠం

డీఎస్సీకి చదువుకునే రోజుల్లో నేను వేముల దగ్గరి మా ఊరు విడిచి ప్రొద్దుటూరులో ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. కోచింగ్ సెంటర్ బట్టల అంగళ్ళ వీధిలో ఒక మేడ మీద ఉండేది. కిటికీ తెరిస్తే కొత్త చీరల గంజి వాసన, కింద బేరాలాడే గొంతులు పైకి వచ్చేవి. ఇప్పటికీ కొత్త చీర మడత విప్పినప్పుడల్లా నాకు ఆ గదే గుర్తుకొస్తుంది.

అక్కడ నా పక్కన కూర్చునే స్నేహితురాలు అదే వీధిలోని ఒక బట్టల వ్యాపారి కూతురు. మనసులో ఉన్నమాట ఎవరి ముందైనా అనేసేది. మాకు తెలుగు చెప్పే సారు రిటైరైన ఉపాధ్యాయుడు, పౌరోహిత్యం చేసే ఇంటివాడు. రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చేవాడు. నెమ్మదిగా మాట్లాడేవాడు. ఎవరు తప్పు చెప్పినా ముందు నవ్వి తర్వాత దిద్దేవాడు.

ఒక ఆదివారం మాదిరి పరీక్ష పెట్టి, సోమవారం సారు జవాబులు చదువుతున్నాడు. పేపరు సెంటర్ వాళ్ళు తయారు చేయించినది. అందులో పెన్నా నది మీద ఒక గద్యభాగం, నాలుగు పేరాలు. ఏడాదిలో ఎక్కువ కాలం నది ఇసుకగానే ఉంటుందని మొదటి పేరా. ఆ ఇసుకలో చెలమలు తోడుకుని ఊళ్ళ వాళ్ళు తాగునీళ్ళు తెచ్చుకుంటారని రెండోది. నది కడుపులోనే దోస, పుచ్చ తీగలు వేసుకుంటారని మూడోది. వరద వస్తే ఒడ్డెక్కి, నీళ్ళు తగ్గగానే మళ్ళీ ఇసుకలోకి దిగుతారని నాలుగోది. తగిన శీర్షిక గుర్తించమని కింద నాలుగు ఇచ్చారు: చెలమ నీళ్ళు, నదులు – మానవ జీవితం, ఎండిన పెన్నాలో బతుకుతెరువు, పెన్నా వరదలు.

నేను ‘చెలమ నీళ్ళు’ పెట్టాను. మా అవ్వ పుట్టిల్లు పెన్నా ఒడ్డున. చిన్నప్పుడు ఆమె చెలమ పక్కన కూర్చుని, నీళ్ళు తేరేదాకా ఆగి, చిప్పతో ముంచి బిందెలో పోయడం చూశాను. ఆ పేరా చదువుతుంటే ఆ ఇసుక చల్లదనం అరికాళ్ళకు తగిలినట్టయింది. మిగతా శీర్షికల వైపు చూడబుద్ధి కాలేదు.

సారు కాగితం చూసి, “జవాబు రెండోది. నదులు – మానవ జీవితం” అని చదివి బోర్డు మీద రెండు అంకె వేశాడు.

నా స్నేహితురాలు లేచి నిలబడింది. “అదెట్లవుతుంది సార్? మూడోది కదా!”

“నదులంటే పెన్నా కూడా వచ్చె, మానవ జీవితమంటే చెలమలు, తీగలు అన్నీ వచ్చె. ఏదీ బయట మిగల్లేదు కదమ్మా!”

“మిగల్లేదు సార్, కానీ బయటివి శానా లోపలికొచ్చినాయి. మా అంగడి మాటే చెప్తా. మేం చీరలు, పంచెలు, రవికలు అమ్ముతాం. బోర్డు మీద ‘రవికల అంగడి’ అని రాస్తే పంచె కావాల్సినోడు గడప తొక్కడు. అట్లని ‘అన్ని సరుకుల అంగడి’ అని రాస్తే చింతపండు అడిగేదానికొస్తాడు. ‘బట్టల అంగడి’ అంటేనే సరిపోతాది.”

గదంతా నవ్వింది. సారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందనుకుని నేను నా స్నేహితురాలి చెయ్యి పట్టి కిందికి లాగాను, అది కూర్చోలేదు.

“అందరూ పేపర్లు బోర్లించండి” అన్నాడాయన. “గద్యం చదవలేదనుకోండి. పేరొక్కటే విన్నారు. లోపల ఏముంటాదో చెప్పండి. నదులు – మానవ జీవితం.”

ఒకరు గోదావరి అన్నారు. ఒకరు ఆనకట్టలు, కరెంటు అన్నారు. వెనక నుంచి ఎవరో గంగా పుష్కరాలన్నారు. పెన్నా పేరు ఒక్కరూ ఎత్తలేదు.

“పెన్నా వరదలు?”

“పంట మునక, పడవలు, ఊళ్ళు ఖాళీ చేయడం” అన్నారు.

“మన గద్యంలో వరద ఉండేది చివరి పేరాలోనే. చెలమ నీళ్ళు?”

నేనే చెప్పాను. “చెలమ తవ్వడం, నీళ్ళు తోడడం సార్.”

“మరి తీగలు యాడికి పోయినాయమ్మా? ఒడ్డెక్కి దిగే మనుషులు యాడికి పోయినారు?”

సారు మిగిలిన పేరుకు వచ్చాడు.

“ఎండిన పెన్నాలో బతుకుతెరువు?”

ఈసారి గదిలో రకరకాల గొంతులు లేచాయి. ఇసుక, నీళ్ళ కోసం తవ్వడం, ఏట్లో పంట. వరద సంగతి తప్ప దాదాపు ఆ గద్యమే బయటికి వచ్చింది.

సారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఉన్న రెండు అంకెను చెరిపి మూడు వేశాడు. “పేపర్లో పడింది తప్పు. నేను సమర్థించింది ఇంకా తప్పు. అన్నీ దాంట్లో పట్టినాయనుకున్నా గానీ, అది ఏ నదికైనా సరిపోతాదని చూడలా. ఈ గద్యానికే సరిపోయే పేరు ఈ పాప చూపించింది” అన్నాడు. నా స్నేహితురాలు అంత మాట ఊహించలేదు. ముఖం ఎర్రబడి గబుక్కున కూర్చుండిపోయింది.

నాకు మాత్రం బాధేసింది. మార్కు పోయినందుకు కాదు. మా అవ్వ కనిపించిన పేరాను ఎవరో చిన్నది చేసినట్టనిపించింది. క్లాసయ్యాక మెట్ల దగ్గర సారుకు ఆ మాట చెప్పేశాను. ఆయన సంచి కింద పెట్టి విన్నాడు.

“ఆ పేరా నీకు నచ్చడం తప్పు కాదమ్మా. అయితే నీకు నచ్చింది వేరు, గద్యం చెప్పేది వేరు. రాసినాయన నాలుగు పేరాలు రాసినాడు. మనం ఒకదాని పేరు పెట్టి మూడింటిని బయట నిలబెట్టగూడదు. మీ అవ్వ మీద నువ్వే వేరే రాయి. దానికి చెలమ నీళ్ళు అని పెట్టు, ఎవరు కాదంటారు?”

తర్వాత చాలా రోజులు శీర్షికలే మా ఆట. ఒక ఆదివారం మేం నలుగురు ఆడపిల్లలం గండికోటకు పోయాం. లోయ అంచున బండల మీద కూర్చుని చిత్రాన్నం తిన్నాం. గాలికి ఒకదాని చున్నీ ఎగిరి పిట్టగోడకు చిక్కుకుంది. ఈ దినానికి పేరు పెట్టమని ఎవరో అన్నారు. ‘చున్నీ ఎగిరింది’ అన్నాను నేను. “మళ్ళీ ఒక పేరానే పట్టుకున్నావు మే” అంది నా స్నేహితురాలు. ఇంకొకామె ‘విహారయాత్రలు’ అంది. “ఎవరివి? ఎక్కడికి?” అని ముగ్గురం మీదపడ్డాం. చివరికి ఆ వ్యాపారి కూతురే పెట్టింది: ‘గండికోటలో పరీక్ష మరిచిన దినం’. ఎర్రటి బండల మధ్య దూరంగా నీళ్ళు మెరుస్తుంటే, దానికి మించిన పేరు మాకెవరికీ తట్టలేదు.

ఆ ఏటి డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. నా స్నేహితురాలికి కొద్దిలో తప్పిపోయింది. ఫలితాల రోజు నన్ను పట్టుకుని ఏడ్చింది, తర్వాత నాకోసం మైసూర్‌పాక్ తెప్పించింది. ఇప్పుడు వాళ్ళ నాయన అంగడిని తనే నడుపుతోంది. నేను పోతే చీర చూపించే ముందు, “ఏం మే, పిల్లోళ్ళకు ఏం చెప్తాండావు?” అని అడుగుతుంది. నేను జమ్మలమడుగు దగ్గరి హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను.

సారు ఇల్లు జమ్మలమడుగులోనే. వయసు మీదపడి ఆయనకు చూపు తగ్గింది. వీలైనప్పుడు సాయంత్రాలు పోయి పేపరు చదివి వినిపిస్తాను. పోయిన వారం ఒక వార్త మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“శీర్షిక చదవద్దమ్మా. వార్త చదువు. పేరు మనం పెడదాం.”

చదివాను. ఒక ఊళ్ళో చాలాకాలం మూతబడిన బడిని ఊరివాళ్ళే సున్నం కొట్టి తెరిపించుకున్న వార్త. ‘ఊరే తెరిపించుకున్న బడి’ అన్నాను. సారు రెండుసార్లు పెదాల్లో అనుకుని తలూపాడు.

“వాళ్ళేం పెట్టినారో ఇప్పుడు చెప్పు.”

“విద్యారంగంలో వెలుగులు” అని చదివాను.

ఆయనకు నవ్వొచ్చి దగ్గొచ్చింది. నీళ్ళిచ్చి వీపు నిమిరాను. తేరుకున్నాక కాళ్ళు చాపుకుని, “ఇంకోటి చదువమ్మా, నీ బస్సుకు ఇంకా టైముంది కదా” అన్నాడు.