తీసేసి మళ్ళీ వేసుకోమన్నాను

రాజాంలో విత్తనాల దుకాణం పైన మా ఆఫీసు. కొండ ఊళ్ళలో తిరిగే నర్సుల కోసం ఒక యాప్ నడిపేవాళ్ళం. గర్భిణుల రక్తపరీక్ష వివరాలు వాళ్ళు అక్కడికక్కడే ఫోన్లో ఎక్కించి, సిగ్నల్ ఉన్నచోటికి దిగాక యాప్ తెరిచి పంపిస్తారు. ఇక కాగితాల మీద రాయనక్కర్లేదని శిక్షణలో చెప్పింది మేమే.

కొత్త వెర్షన్‌ను ముందురోజు సాయంత్రం ఇరవై శాతం మందికే వదిలాం. పొద్దున్నే ఒక నర్సమ్మ ఫోన్ చేసింది.

“బాబూ, యాప్ తెరిస్తే మూసుకుపోతన్నాది. ఏటి సెయ్యమంటారు?”

మా ఆఫీసులో ఏ జబ్బుకైనా ఒకటే మందు. “తీసేసి మళ్ళీ వేసుకోండమ్మా” అన్నాను, టీ తాగుతూనే.

కాసేపట్లోనే ఇంకో నలుగురు నర్సులు అదే మాటతో ఫోన్ చేశారు. వాళ్ళను మాత్రం ఏమీ చెయ్యకుండా ఆగమన్నాను. మా టీమ్ లీడ్ నాకు వరసకు బావ. “ఒరే, ముందు రోలవుట్ ఆపు. తిట్టుకోడం తరవాత సూద్దాం” అన్నాడు. ఆపాను. కొత్తగా ఎవరికీ వెళ్ళదు, నిజమే. అప్పటికే చేరిన ఫోన్లలో మాత్రం ఆ కొత్త వెర్షనే ఉంటుంది.

తప్పు దొరికింది. పంపకుండా మిగిలిన ఎంట్రీలుంటే, పాత డేటాను కొత్త పద్ధతిలోకి మార్చే కోడ్ కూలిపోతోంది. రాసింది నేనే. మా పరీక్ష ఫోన్లన్నీ ఎప్పుడూ ఆఫీసు వైఫైలోనే ఉంటాయి. వాటిలో ఎంట్రీ మిగలడమన్నదే లేదు. మార్పు మధ్యలో ఆగిపోయింది కాబట్టి నర్సుల ఎంట్రీలు మాత్రం భద్రమే, యాప్ తీసెయ్యనంతవరకు.

పొద్దున్న తీసెయ్యమన్నది నేనే. నర్సమ్మకు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ కొండెక్కినట్టుంది.

బావ పాత కోడ్‌కే పోదామన్నాడు. “పాతదానికే పెద్ద వెర్షన్ నంబరేసి వొదిలెయ్. సిన్న నంబరు ప్లేస్టోరు తీసుకోదు.” నా ఫోన్లో ముందు వేసి చూశాం. పంపని ఎంట్రీలు లేవు గనక అందులో డేటా అప్పటికే కొత్త పద్ధతిలోకి మారిపోయింది, పాత కోడ్ దాన్ని చదవలేక కూలింది. కొందరిని లేపబోయి ఇంకొందరిని పడగొట్టడమే అవుతుంది. మార్చే కోడ్‌ను సరిచేసి వదలడం తప్ప దారి లేదు.

ఈసారి సిగ్నల్ ఆపేసి, ఎంట్రీలు మిగిల్చి మరీ పరీక్షించాం. స్టోరుకు పంపి అనుమతి కోసం కూర్చున్నాం. కూర్చున్నది బావే. నేను మెట్లు దిగడం, ఎక్కడం, నర్సమ్మ నంబరు మళ్ళీ నొక్కడం. అన్నం సయించలేదు.

సాయంత్రానికి సరిచేసినది వెళ్ళింది. ఆగమన్న నలుగురి ఎంట్రీలూ వచ్చేశాయి. బావ భుజం తట్టాడు. నాకు చిరాకేసింది.

అప్పుడు నర్సమ్మే చేసింది. “మీరు సెప్పినట్టే తీసి ఏసినాను బాబూ. తెరుసుకున్నాది గానీ, నా మూడు రోజుల లిస్టు ఖాళీగా ఉన్నాది.”

రోలవుట్ ఆపేశాం కాబట్టి ఆమెకు దిగింది పాత వెర్షన్. అందుకే చక్కగా తెరుచుకుంది.

“తప్పు నాదేనమ్మా. అవి ఇక రావు. రేపు నేనూ మీతో వస్తాను.”



“మీరొచ్చి ఏటి సేస్తారు బాబూ? ఆ ఆడోళ్ళకి మళ్ళీ సూది గుచ్చాల. మొన్నే గుచ్చినావు గదా, మళ్ళీ ఎందుకంటే నానేటి సెప్పాల?”