తౌడుకు కొన్న బిడ్డ

నా చేతిసంచి అడుగున రెండు గుప్పెళ్ళ తౌడు రాలి ఉంది. దులపాలని రోజూ అనుకుంటాను, దులపబుద్ధి కాదు. అది బర్రెల దాణా మూటలోంచి తీసిన తౌడే గానీ మా అవ్వ దంచిన కొర్రల తౌడు కాదు. అయినా సంచి తెరిచినప్పుడల్లా ముక్కుకు ఆ తేడా పట్టదు. ఎండలో వేగిన పొట్టు వాసన, దాని వెనక కాస్త తీపి, ఆ వెనక మా ఇంటి వాకిలి వస్తాయి.

ఆదోని అవతల, వానకు మొహం వాచిన నల్లరేగడి ఊరు మాది. కొర్రలు ఇంటికొచ్చిన కాలంలో మా అవ్వ తెల్లవారక ముందే రోలు దగ్గర కూర్చునేది. రోకటిపోటు ఆగితే చాట చెరిగే చప్పుడు, అది ఆగితే తౌడు కోసం కొట్లాడుకునే కోళ్ళ గోల వినబడేవి. అవ్వ కనురెప్పల మీద, చెవికమ్మల మీద, ముక్కుపుడక మీద అంతా తౌడు పట్టి ఉంటే మేము చూసి నవ్వేవాళ్ళం. ఉగాదినాడు ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తే మొదటి ఓళిగ ఎవరికని మా పిల్లలందరికీ కడుపుమంట. అది మాకు కాదు, మా తాతకూ కాదు. పొరుగు వీధి తిప్పన్న పెద్దనాయన వచ్చి వాకిట్లో గొంతుక్కూర్చుని, నెయ్యి కారుతున్న ఆ ఓళిగ తిని మూతి తుడుచుకునేదాకా మా పళ్ళేలు ఖాళీగానే ఉండేవి.

"ఆయప్పకే ఎందుకు ముందు?" అని నేను ఏడిస్తే అవ్వ ఒకటే మాట చెప్పేది.

"మీరంతా ఊరికే పుట్టినారు. వాన్ని నేను తౌడు పోసి కొనుక్కున్నా."

ఆ కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు. తిప్పన్న పెద్దనాయన వాళ్ళమ్మకు పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోయేది. ఈయన పుట్టగానే చాటలో పడుకోబెట్టి పెంటదిబ్బ మీద పెట్టినారు. అప్పటికి మా అవ్వ కొత్త కోడలు. ముందే చెప్పి పెట్టుకున్న ప్రకారం, ఏమీ తెలియనట్టు ఆ దారిన పోయి "ఎవరి బిడ్డమ్మా ఇది?" అని అడిగింది. "ఎవరిదో, పారేసి పొయినారు" అంది కన్నతల్లి. అవ్వ చాటెడు తౌడు పోసి బిడ్డను కొనుక్కుని, మళ్ళీ ఆమెకే "పెంచిపెట్టు" అని ఇచ్చింది. పెంటదిబ్బను మా వైపు తిప్ప అంటారు గనక తిప్పన్న అయినాడు. ఇలాంటి పేర్లు మా సీమలో ఎన్నో ఉన్నాయి. కానీ వాళ్ళమ్మ అక్కడితో ఆగలేదు. బిడ్డ తమ ఇంట్లో పుట్టలేదని మృత్యువును నమ్మించాలి గనక, బతికినన్నాళ్ళూ ఆ పిల్లవాడి పేరుకు ముందు తమ ఇంటిపేరు పలకలేదు, ఎవరినీ పలకనివ్వలేదు. పెండ్లిలో, బియ్యం కార్డులో ఆయన ఒట్టి తిప్పన్నే.

ఇప్పుడు నేను పక్క ఊరి బళ్ళో పంతులమ్మను. జనాభా లెక్కల్లో మొదటి విడతగా ఇండ్ల లెక్క వచ్చింది. నా వంతుకు మా ఊరే పడింది. సెల్‌ఫోన్ పట్టుకుని గడప గడపకూ తిరిగి గోడ దేనిది, పైకప్పు దేనిది, నీళ్ళు యాడనుంచి తెచ్చుకుంటారు, దీపం ఏది అని అడిగి నమోదు చేస్తున్నాను. "ముఖ్యంగా తినే ధాన్యం ఏది" అన్న ప్రశ్న కూడా ఉంది. ఇంటింటా బియ్యమనే చెప్పినారు. కొర్రలు అన్నవాళ్ళు ఒక్కరైనా దొరుకుతారేమోనని పిచ్చిదానిలా ఎదురుచూశాను.

తిప్పన్న పెద్దనాయన ఇంట్లో నులకమంచం వేసినారు. బండల మిద్దె, మట్టిగోడ, చూసి నొక్కేశాను. ఇంట్లో మామూలుగా ఉండేవాళ్ళు ఎంతమంది అంటే ఆయన వేళ్ళు మడిచి, ఉయ్యాల వైపు చూసి ఆగిపోయినాడు. అందులో మనవడు రమేశు కొడుకు, నెల దాటని పసిగుడ్డు. వాణ్ణి కూడా కలుపుకున్నాను.

"ఇంటి పెద్ద ఎవరు?"

"నేనే గదమ్మా."

"పేరు?"

"తిప్పన్న. నీకు తెల్దా?"

"తెలిసినా అడగాల పెద్దనాయనా, మీరు చెప్పిందే రాయాల."

రమేశు గుంజకు ఆనుకుని నిలబడినాడు. "ఇంటిపేరు లేకపోతే ఎట్లత్తా? బ్యాంకులో తాతకు ఒప్పుకోలే. రేపు లెక్కలోంచి తీసేస్తే బియ్యం గూడా పోతాయి. నేను చెప్తా, రాసుకో. మాది..."

"రేయ్!" పెద్దనాయన మంచం మీది నుంచి లేచిన వేగానికి నాకే భయమేసింది. ఒక చెయ్యి ఉయ్యాల మీద అడ్డం పెట్టినాడు. "సెప్పద్దురా. బిడ్డ ఈడే ఉండాడు."

ఉయ్యాల్లోవాడికి ముందు ఇద్దరు పుట్టి పోయినారు. బళ్ళో రమేశుకు ఇంటిపేరు రాయించడం వల్లే అది జరిగిందని పెద్దనాయన నమ్మకం. "నాకేం, నేను పొయ్యేవాన్నే. అది మా యమ్మ దాసిపెట్టిన పేరు. దాన్ని ఈ ఇంట్లో పలికితే, సావు ఈన్ని ఎతుక్కుంటా వస్తాది" అన్నాడు.

"ఇంటిపేరు లేదని మిమ్మల్ని ఎవరూ తీసెయ్యరు" అన్నాను. "మనిషి చెప్పిన పేరే పేరు. ఇంటిపేరు ఉండి తీరాలని లేదు. కార్డు చూపించమని మేము అడగం. ఈడ చెప్పింది బ్యాంకుకూ పోదు, బియ్యం అంగడికీ పోదు." ఫోన్లో 'తిప్పన్న' అని కొట్టి ఇద్దరికీ చూపించి, పక్క ప్రశ్నకు పోయినాను. ఫోను దాన్ని ఒప్పుకుంది.

"ఇంతేనా?" అన్నాడు రమేశు.

"ఇంతే."

పెద్దనాయన ఆ అక్షరాల వైపే చూశాడు. చదువు రాదు గానీ, ముందూ వెనకా ఏమీ లేదని తెలిసినట్టుంది. మిగతా ప్రశ్నలన్నీ అయి నేను ఫోను సంచిలో పెట్టుకున్నాక మెల్లగా అడిగాడు. "మీ యవ్వ లేదు. నువ్వు ఆ ఇంటి ఆడబిడ్డవి. ఈన్ని గూడా కొనుక్కోమ్మా."

నాకు నవ్వు రావాలి. రాలేదు. "సూదులు ఏయించినారా?" అని మాత్రం గట్టిగా అడిగాను. వేయించినామని బిడ్డ తల్లి టీకాల కార్డు తెచ్చింది. "అవి మానొద్దు. నేను కొన్నా గూడా మానొద్దు" అన్నాను.

తౌడు కోసం చూస్తే ఆ ఇంట్లో లేదు. ఊళ్ళోనే లేదు. దంచేవాళ్ళు లేరు, చెరిగేవాళ్ళు లేరు. చివరికి రమేశు బర్రెల దాణా మూట విప్పినాడు. వెదురు చాట కూడా లేకపోతే ప్లాస్టిక్ చాటలోనే బిడ్డను పడుకోబెట్టి వాకిట్లోకి తెచ్చినారు. "ఎవరి బిడ్డమ్మా ఇది?" అని అడిగాను. బిడ్డ తల్లి చాట అంచు వదల్లేదు. పెద్దనాయనే "ఎవరిదో తల్లీ, పారేసి పొయినారు" అన్నాడు. తల్లి ఒడిలో తౌడు పోస్తుంటే సగం, తెరిచి ఉన్న నా సంచిలోనే పడింది. బిడ్డను ఎత్తుకుని, గుండెకు ఆనించుకుని, పెంచిపెట్టమని తల్లి చేతికిచ్చాను.

ఆ సాయంత్రం మా ఇల్లున్న చోటికి పోయినాను. ఎప్పుడో అమ్మేశాం. కొన్నవాళ్ళు పడగొట్టి వదిలేశారు. గోడ లేదు, కప్పు లేదు, నంబరు వేయడానికి తలుపు లేదు, ఫోన్లో నొక్కడానికి ఏమీ లేదు. రోలు కూడా ఎవరో పట్టుకుపోయినారు. నేను పుట్టి పెరిగిన ఇంటిని నా లెక్కలో నేనే ఎక్కించలేకపోయినాను. అక్కడే నిలబడి ఏడ్చాను.

టౌనులో మా ఇంట్లో ఏండ్లుగా ఓళిగలు మిఠాయి అంగడి నుంచే వస్తున్నాయి. వచ్చే ఉగాదికి పూర్ణం నేనే రుబ్బుకోవాలి. మొదటి ఓళిగ కోసం ఊళ్ళో ఒకడున్నాడు. వాడికింకా పళ్ళు రాలేదు.