“లేదా” అని అడిగితే

టైలరమ్మకి ఇంగ్లీషు ముక్క రాదని వీధంతా అనుకునేది. ఆవిడా అలాగే అనుకునేది. చిన్నకూతురు పాఠం మొదలుపెట్టిన మొదటిరోజు చేసిన పని ఆ భ్రమ పోగొట్టడమే. తల్లిని కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్కటే చూపిస్తూ “ఇదేంటమ్మా?” అని అడుగుతూ పోయింది. కాలరు, బటను, జిప్పు, లైనింగు, పాకెట్టు. ఫ్యాను, స్విచ్చి, బకెట్టు, బీపీ టాబ్లెట్టు.

“చూశావా, సగం ఇంగ్లీషు నీ నోట్లోనే ఉంది. మిగతా సగం నేను అతుకేస్తాను.”

“అతుకులేసేది నేనే. నువ్వు దారం అందించు చాలు” అని టైలరమ్మ పగలబడి నవ్వింది.

పెద్దవాళ్ళకి నేర్పడం ఇలాగే మొదలుపెట్టాలి. ఏబీసీడీల దగ్గర మొదలుపెట్టి, అరవై దాటిన మనిషి చేత పలక పట్టించి సిగ్గుపడేట్టు చేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. చిన్నది మందుల షాపులో పనిచేస్తుంది. ఏ మాత్ర తినకముందు, ఏ మాత్ర తిన్న తర్వాత అనేది చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొచ్చినా విసుక్కోని మనిషి. ఆ ఓపికే ఇంటికీ తెచ్చుకుంది.

ఇంతకీ ఈ వయసులో ఈ చదువెందుకంటే, పరాయి దేశంలో పెద్దకూతురు ఉంది. అక్కడ పుట్టిన మనవరాలికి తెలుగు రాదు. ఫోనులో పిల్ల గలగలా మాట్లాడుతుంటే టైలరమ్మ తలూపి నవ్వడమే తప్ప ఒక్కమాటా అందేది కాదు. ఆ పిల్ల పక్కన పడుకుని కబుర్లు చెప్పాలని ఆవిడ కోరిక. వేరే కోరికంటూ లేదు. “నన్ను తీసుకెళ్ళవే” అని పెద్దదాన్ని అడిగీ అడిగీ నోరు నొప్పెట్టింది.

పెద్దదానికి తల్లిని తెచ్చి పెట్టుకోవడం సుతరామూ ఇష్టం లేదు. ఆ మాట మొహం మీద చెప్పే ధైర్యమూ లేదు. అందుకని ఒక మెలిక పెట్టింది: “పగలంతా ఇంట్లో ఒక్కదానివే ఉండాలమ్మా. డాక్టరుతో మాట్లాడాలి, తలుపు కొట్టినవాడితో మాట్లాడాలి. ఇంగ్లీషు వస్తే చెప్పు, అప్పుడు టికెట్టు తీస్తాను.” చెల్లెలితో విడిగా, “మొక్కై వంగనిది మానై వంగుతుందా?” అని నవ్వింది.

మాను వంగింది. చిన్నది రోజూ సాయంత్రం షాపు నుంచి వచ్చి ఒక్క సన్నివేశమే తీసుకునేది. ఇవాళ డాక్టరు, రేపు లిఫ్టులో పక్కింటావిడ. విడివిడి మాటలు కాకుండా వాక్యం మొత్తంగా నోటికి పట్టించేది. “మై లెఫ్ట్ నీ హర్ట్స్” అని ఒకసారి, మోకాలి బదులు చెయ్యి పెట్టి ఒకసారి, నడుము పెట్టి ఒకసారి. తల్లి మాట్లాడుతుండగా తప్పు దిద్దేది కాదు. పూర్తిగా చెప్పనిచ్చి, తర్వాత సరైన మాట తనే మామూలుగా అనేసేది. అర్థం కాకపోతే ఊరికే తలూపొద్దని, “ప్లీజ్ సే ఇట్ అగైన్, స్లోలీ” అనమని అన్నిటికంటే ముందు అదే నేర్పింది. ఫోనులో అవతలి మనిషి పెదాలు కనపడవు కాబట్టి, తను వంటింట్లోకి పోయి అక్కణ్ణుంచి అంబులెన్సువాళ్ళలా ప్రశ్నలడిగేది. మర్చిపోయిన వాక్యాన్ని మర్నాడు మళ్ళీ అడిగేది, మొదటిసారి అడిగినట్టే.

“నిన్న చెప్పిందే కదే, నా బుర్రలో మట్టి ఉంది” అని టైలరమ్మ తల కొట్టుకుంటే, “నువ్వు నాకు కాజా కుట్టడం ఎన్నాళ్ళు నేర్పావో మర్చిపోయావా?” అనేది.

ఒక ఆదివారం పెద్దది వీడియో ఫోను చేసి తనే పరీక్ష పెట్టింది. చెల్లెలు పక్కనుంచి అందించకూడదని షరతు. చిన్నది గోడకి ఆనుకుని నిలబడింది. డాక్టరు ప్రశ్నలయ్యాయి. తలుపు కొట్టినవాడి ప్రశ్నలయ్యాయి. ఒకచోట అర్థం కాక, టైలరమ్మ తడబడకుండా “స్లోలీ, ప్లీజ్” అంది. తెరమీద పెద్దదాని మొహంలో రంగు మారింది. దాని మెలిక దాని మెడకే చుట్టుకుంది మరి.

“సరే, నీ మనవరాలితో మాట్లాడు” అని పిల్లని లాక్కొచ్చింది. పిల్ల సిగ్గుపడుతూ “అమ్మమ్మా, విల్ యు...” అని మొదలుపెట్టింది.

“అలా కాదు,” అని పెద్దది ఆపి ఇంగ్లీషులో పిల్లకి నేర్పింది. “డోంట్ యు వాంట్ టు లివ్ విత్ మీ? అని అడుగు.”

పిల్ల అలాగే అడిగింది.

టైలరమ్మ ఒక్కొక్క మాటా పట్టుకుంది. నాతో ఉండాలని నీకు లేదా? అయ్యో, ఎంతమాట! పిల్లకి అలాంటి అనుమానమా! రెండు చేతులూ ఊపుతూ, కళ్ళనిండా నవ్వుతూ, “నో! నో! నో!” అంది.

మన నోటికి అదే వస్తుంది. “లేదా” అని అడిగితే, నువ్వనుకున్నది తప్పు అని చెప్పాలని మొదట “కాదు కాదు” అంటాం. ఇంగ్లీషు చెవికి అది “వద్దు, నాకు ఇష్టం లేదు”. ఆ దేశం వెళ్ళిన కొత్తలో పెద్దది కూడా ఆఫీసులో ఈ గోతిలోనే పడి, ఆ సంగతి చెల్లెలికి ఫోనులో చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అలాంటి మనిషికి తల్లి ఏమంటుందో తెలియదనుకోవడం మన అమాయకత్వం.

పిల్ల బావురుమంది. తెర ఆరిపోయింది.

చిన్నది మెట్లమీదికి పరిగెత్తి అక్కకి ఫోను చేసింది. “అమ్మ రానని అనలేదక్కా! నీకు తెలుసు! పిల్లకి ఒక్కమాట చెప్పు.”

“నేనేమన్నానే? తనే అంది, పిల్ల చెవులారా వింది. ఇప్పుడది అమ్మమ్మ వద్దని ఏడుస్తోంది. చూద్దాంలే, తర్వాతెప్పుడైనా.” గొంతులో ఎంత తేలిక! వద్దనే మాట తన నోటితో అనకుండా తల్లి నోటితోనే అనిపించుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

చిన్నది లోపలికి వచ్చేసరికి టైలరమ్మ నేలమీద గుడ్డలు పరుచుకుని కూర్చుంది. పూలపూల గుడ్డ ఒకటి ఒళ్ళో వేసుకుని, కళ్ళతోనే కొలతలు వేస్తోంది.

“పిల్ల ఏడ్చింది చూశావా? నేనంటే ఎంత ప్రేమో దానికి! దీంతో గౌను కుట్టి పట్టుకెళ్తాను. పాసయ్యాను కదే?”

అబద్ధం చెప్పొచ్చు. కానీ రేపు మళ్ళీ ఫోను చేసి, పిల్ల రాకపోతే, ఆవిడ తెరవైపు చూస్తూ కూర్చుంటుంది. చిన్నది పక్కన చతికిలబడి, ఎప్పటిలాగే నెమ్మదిగా చెప్పింది. ఇంగ్లీషులో వాళ్ళు ఎలా అడిగారన్నది చూడకూడదమ్మా, నీ మనసులో ఉన్నదే చూడాలి. ఉండాలని ఉంటే, “లేదా” అని అడిగినా “యస్, ఐ డూ” అనాలి. లేకపోతేనే “నో”.

టైలరమ్మ లోపల్లోపల రెండుసార్లు అనుకుంది. ఎప్పుడూ లేనిది, ఈ పాఠం మొదటిసారే ఎక్కింది.

“అయితే నేను రానన్నానా? పిల్ల అందుకేనా ఏడ్చింది?”

“అవునమ్మా.”

ఆవిడ ఒళ్ళోని గుడ్డని మడత పెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

“పిల్లకంటే తెలియదు సరే. పెద్దది పక్కనే ఉంది కదే. దానికి తెలుగు రాదా?”

చిన్నది ఆ గుడ్డని అందుకుని తనే సరిగ్గా మడత పెట్టింది.

“వచ్చమ్మా” అంది.