మరిది మడిగెకు నా జామీను

“నేను లేకుండ ఎక్కడా సంతకం పెట్టకు.”

“గ్యాసు బండ వస్తే?”

“గ్యాసు బండకైతే పెట్టు తీ.”

మా ఆయన, నేను ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇంతే. నవ్వుకుంటూ సూర్యాపేటలో మా గల్లీ దాటి పనికి పోయాడు. మధ్యాహ్నం పనిమీదే గుండె ఆగింది. ఇక నాకు మిగిలింది ఆ నవ్వు, మా బర్రె, నా పేరు వరకు రాసే చదువు.

ఏడాది మాసికం అయిన కొన్నాళ్లకు మా మరిది వచ్చాడు. కోదాడలో ఒక మడిగె కిరాయికి తీసుకుని దాణా కొట్టు పెడతానన్నాడు.

“జామీను ఒక్కటి కావాలె వదినా. నువ్వు కాక నాకెవరున్నరు?”

“దాణాలో నా బర్రెకు వాటా ఉంటదా?”

“దాని కడుపు నిండేంత.”

కోదాడలో టైపు కొట్టే ఆయన దగ్గర కాగితం రాయించారు. పదకొండు నెలల లీజు. ఆ పదకొండు నెలల్లో మరిది కిరాయి ఎగ్గొట్టినా, మడిగె పాడుచేసినా కట్టే పూచీ నాది. వంకరటింకరగా సంతకం పెట్టాను. మడిగె ఓనరుది మిర్యాలగూడ. బియ్యం వ్యాపారం చేసే సేటు. సంతకం చూసి, “మంచిగనే రాస్తివి గదమ్మా” అన్నాడు.

గడువు అయిపోయింది. మరిది, సేటు మళ్లీ రాసుకున్నారట. కిరాయి పెరిగింది, పక్క మడిగె కూడా కలిసింది. నన్ను ఎవరూ పిలవలేదు, నేను కూడా అడగలేదు. వానలకు దాణా బూజుపట్టి కొట్టు నడవడం మానేసింది, మరిది ఫోను ఎత్తడం మానేశాడు. ఒకరోజు సేటు మా వాకిట్లోకి వచ్చి, పాత లీజులో ఆఖరి నెల, కొత్త లీజులో నాలుగు నెలల కిరాయి నేనే కట్టాలన్నాడు.

అంత కట్టాలంటే బర్రెను అమ్మాలి. దాని పాలతోనే నా పొయ్యి వెలుగుతుంది. బేరానికి మనిషి కూడా వచ్చాడు. అతను పలుపు పట్టుకుంటే అది గట్టిగా తుమ్మి అతని తెల్లచొక్కా అంతా తడిపింది. ఆ పూటకు బేరం ఆగింది. ఈలోగా ఒక మాట అడుగుదామని కోదాడ బస్సెక్కి కోర్టు దగ్గరి లాయరమ్మ గదికి పోయాను. సేటునూ మరిదినీ కూడా అక్కడికే పిలిపించింది.

సేటు కొత్త కాగితం తీశాడు. దాని వెనక నేను సంతకం పెట్టిన పాత కాగితం పిన్ను కొట్టి ఉంది.

“కొత్తదాంట్ల గూడ జామీనుగ నీ పేరే ఉన్నదమ్మా.”

లాయరమ్మ చూసింది. టైపాయన పాతదాన్నే తీసి కిరాయి, తేదీలు మార్చి, పక్క మడిగె కలిపి కొట్టాడు. నా పేరు అట్లాగే మిగిలింది. దాని కింద సంతకం చోటు మాత్రం ఖాళీ.

“పెండ్లి కార్డు మీద గూడ నా పేరుంటది సేటూ. గందుకని పెండ్లి నాదయితదా?” అన్నాను.

లాయరమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. “ఈమె పూచీ ఆ పదకొండు నెలలకే. లీజు మళ్ల రాసుకున్నా ఉంటనని పాతదాంట్ల రాసి ఉంటే లెక్క వేరే. అట్ల లేదు. కొత్త కిరాయి, కొత్త మడిగె ఈమెను అడగకుండ మీరు రాసుకున్నయి. ఆ నాలుగు నెలలు ఈమె మీద పడవు.”

బర్రె దక్కిందని లేవబోయాను.

“కూసో అమ్మా. పాత లీజులో ఆఖరి నెల బాకీ నీదే. గడువు అయిపోయినంత మాత్రాన అది పోదు.”

“ముందు మా మరిదినడగరాదు?”

“ఇద్దరిలో ఎవర్నన్నా ముందు అడగొచ్చు. కట్టినంక నువ్వు ఆయన దగ్గర వసూలు చేసుకో.”

ఆ ఒక్క నెల పాల డబ్బుల్లోంచి కట్టి రసీదు తీసుకున్నాను. మరిది తల వంచుకుని, “మెల్లగ తీరుస్త వదినా” అన్నాడు.

“తీర్చేదాంక దాణా నీదే. బూజుది తెస్తే బర్రె నీ మీద తుమ్ముతది.”

మిగతా నాలుగు నెలలు మరిది సేటుకు వాయిదాల మీద కడతానన్నాడు, పక్క మడిగె వదిలేశాడు. సేటు మంచివాడే, కానీ వ్యాపారి. పోయేముందు పెన్ను నా ముందు పెట్టాడు.

“ఇగ ఇప్పుడన్నా ఈ ఖాళీల సంతకం పెట్టు, పనయిపోతది.”

“గ్యాసు బండ తెచ్చినవా సేటూ?”

ఆయనకు అర్థం కాలేదు. పెన్ను ఆయన చేతికే ఇచ్చి లేచాను. బస్సులో సూర్యాపేట దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. నేను వచ్చేసరికి బర్రె పాలు పిండమని గుంజ దగ్గర అరుస్తోంది.

ఇదంతా నేను చెబుతుంటే నా మేనకోడలు రాసింది. కింద నా పేరు పెట్టమని పెన్ను ఇస్తోంది. అట్లెట్ల పెడత బిడ్డా. ముందు నువ్వేం రాసినవో మొదటి నుంచి సదువు, నేను వింట.