తెల్ల యూనిఫాం లోపలి లైనింగు

కరీంనగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. లైనింగులు, లంగాలు, లోపలి బట్టలు నా కౌంటరు. పల్చటి తెల్లబట్ట కొనుక్కున్న ప్రతి మనిషీ లోపలికి తెల్లదే అడుగుతుంది. తెల్లదాని కింద తెల్లది దాగుతుందని అదేం నమ్మకమో! అది ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నది వేసుకుంటేనే అంచులు కనబడవు. డబ్బా మీద ‘స్కిన్ కలర్’ అని వచ్చే లేత గోధుమరంగు ఎవరి చర్మమో నాకైతే ఇప్పటికీ తెలియదు, మా వైపు ఆడవాళ్లది మాత్రం కాదు. చామనఛాయ వాళ్లకు కాఫీ రంగు ఇస్తాను. నమ్మకపోతే ఎండలోకి తీసుకెళ్లి, ముంజేతి మీద రెండు రంగులూ పెట్టి, పైన వాళ్ల బట్ట కప్పి చూపిస్తాను. ట్యూబ్‌లైటు కింద చూసి కొన్నవాళ్లు ఇంటికెళ్లి నన్ను తిట్టుకుంటారు మరి.

ఇంత తెలుసు కదా, నా బిడ్డ దగ్గర అదంతా ఎందుకూ పనికిరాలేదు.

అది ఆదిలాబాద్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివేది. రెండో ఏడు చదువుతుండగా, ఇరవై ఏళ్ల పిల్లకు వీపు మీద, భుజాల మీద బొల్లి మచ్చలు లేచాయి. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పాడు, మందులిచ్చాడు, ఆగుతుందో పెరుగుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. వాళ్ల యూనిఫాం తెల్ల చుడీదారు. బట్ట అందరికీ కాలేజీవాళ్లే ఇచ్చారు, వెలుగుకు పెడితే అవతలి మనిషి కనిపించేంత పల్చన.

“మచ్చలు ఎవ్వరికి కనవడొద్దు అమ్మా. కనవడ్తె నేను ఆడ ఉండ” అంది.

కాఫీ రంగు బ్రా ఇచ్చాను. చామనఛాయ ఉన్నంత మేర అది కలిసిపోయింది. మచ్చ మీదికి వచ్చేసరికి పట్టీ గీత గీసినట్టు కనిపించింది. లేతరంగుది వేయిస్తే మచ్చ మీద కలిసింది, మిగతా వీపంతా తెలిసిపోయింది. ఒంటికి దగ్గర రంగు ఇవ్వడమే నా పని, నా బిడ్డ ఒంటికి రెండు రంగులు. ఆ రోజు బాత్రూంలో నల్లా విప్పుకుని ఏడ్చాను.

తర్వాత కాఫీ రంగు కాటన్‌తో మెడ నుంచి మోకాళ్ల దాకా, మోచేతుల దాకా చేతులున్న షిమ్మీ కుట్టాను. ఒళ్లంతా ఒకటే రంగు అయింది, కానీ పైన యూనిఫాం మాసినట్టు కనిపించింది, తోటి పిల్లల తెలుపులో కలవదు. అప్పుడు యూనిఫాంకు తెల్ల కాటన్ లైనింగు వేశాను. ఉతికితే ముడుచుకుపోకుండా ముందు నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మరీ కుట్టాను. వాకిట్లో సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టి చుట్టూ తిరిగి చూశాను.

“కనవడ్తుందా?”

“ఏం కనవడ్తలేదు బిడ్డా. కడిగిన ముత్యం లెక్క ఉన్నవ్.”

మూడు పొరలతో ఆదిలాబాద్ ఎండలో ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది మాత్రం ఉక్కపోస్తుందని ఒక్కసారి కూడా అనలేదు. ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతుంటే, గండం గడిచిందనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

ఆ చలికాలంలో మచ్చలు వేళ్ల కొసలకు వచ్చాయి. తర్వాత పెదవి అంచుకు. వార్డులో ఒక ముసలాయనకు సూది వేయబోతే పక్కనున్న కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడట.

“గా చేతులతోటి మా బాపును ముట్టకు. ఇంకో సిస్టర్‌ను పిల్వు.”

వార్డంతా వింది. ఇది సూదిని ట్రేలో పెట్టేసి పక్కకు జరిగిందట. అది అంటుకునేది కాదని పక్కనున్న సీనియరైనా చెప్పలేదట. చదువుకున్న ఆ నోటికి ఏం రోగం వచ్చిందో!

బిడ్డ బస్సు దిగి ఇంటికి వచ్చి మంచం మీద సంచి బోర్లించింది. మూడు యూనిఫాంలు, షిమ్మీలు. నేను డాక్టరు గురించి, కాలేజీ మేడంతో మాట్లాడటం గురించి ఏదేదో చెప్పాను. నేను చెప్పడం ఆపాక, అది ఒక యూనిఫాం తీసి లోపలి వైపు తిప్పి నా ఒళ్లో పెట్టింది.

“లైనింగు ఇప్పియ్యి అమ్మా. గివి జూనియర్ పిల్లకు ఇస్తనన్న. ఆమెకు లైనింగు అక్కర లేదట.”

“నువ్వు మళ్ల పోవా బిడ్డా?”

“పోను.”

కుట్లు దగ్గర దగ్గరగా వేశాను, జన్మలో ఊడకూడదని. బ్లేడు తీసుకుని ఒక్కొక్కటే తెంపడం మొదలుపెట్టాను.